ఎత్తు ఐదు సెంటీమీటర్లు ఎక్కువ చెబితే

ఊపిరితిత్తుల సత్తాను ఊదించి కొలిచే స్పైరోమెట్రీ గదిలో మొదటి ప్రశ్న ఊపిరి గురించి కాదు. "మీ ఎత్తెంతండీ?" అని టెక్నీషియన్ అడుగుతారు. అరవై దాటిన ఒకాయన "ఐదడుగుల ఐదంగుళాలు" అన్నారనుకుందాం. అది పెళ్లినాటి లెక్క. చెప్పులు విప్పించి గోడకు ఆనించి కొలిస్తే 160 సెంటీమీటర్లే. చెప్పినదానికి ఐదు తక్కువ.

ఊదిన గాలిని యంత్రం నేరుగానే కొలుస్తుంది. కానీ అది ఆయనకు సరిపడినంతా కాదా అని తేల్చాలంటే, అదే వయసు, అదే ఎత్తు ఉన్న ఆరోగ్యవంతుడైన మగవాడికి ఎంత ఉండాలో తెలియాలి. పొడుగు మనిషికి ఛాతీ పెద్దది, ఊపిరితిత్తులూ పెద్దవి. పైగా ఈ పెరుగుదల ఎత్తుతో సమానంగా సాగదు. ఈ అంచనాలు కట్టడానికి 2012లో వచ్చిన జీఎల్ఐ అనే అంతర్జాతీయ బృందం సమీకరణాల ప్రకారం మగవారిలో ఒకే దమ్ములో వదలగలిగే మొత్తం గాలి (ఎఫ్‌వీసీ) ఎత్తుకు సుమారు 2.4 ఘాతంగా పెరుగుతుంది. అంటే ఎత్తులో ఒక శాతం తప్పు, అంచనాలో దాదాపు రెండున్నర శాతం తప్పు అవుతుంది.

మన పెద్దాయన 2.55 లీటర్లు వదిలారనుకోండి. 160కి అంచనా 3 లీటర్లయితే ఆయనది 85 శాతం. 165 అని నమ్మితే అంచనా 3.23కి పెరిగి, అదే ఊపిరి 79 శాతానికి దిగుతుంది. ఎనభై గీత పెట్టుకుని చూసే చోట ఊపిరితిత్తులు కుంచించుకుపోయాయేమోనన్న అనుమానం, స్కానింగూ మొదలవుతాయి. గీతను వయసును బట్టి కట్టే కొత్త పద్ధతిలోనూ అంచనా తప్పితే గీత కూడా దానితోపాటే జరుగుతుంది.

బీఎంఐలో ఇదే తప్పు ఎదురు తిరుగుతుంది. అక్కడ ఎత్తు వర్గం హారంలో ఉంటుంది. ఆయన 65 కిలోలైతే అసలు బీఎంఐ 25.4, చెప్పిన ఎత్తుతో 23.9. భారతీయులకు 25 దాటితే ఊబకాయంగా లెక్కిస్తారు కాబట్టి, ఐదు సెంటీమీటర్లు ఆయన్ని ఒక మెట్టు కిందికి దించేశాయి. ఒకే అబద్ధం ఊపిరిని జబ్బుగా, పొట్టను ఆరోగ్యంగా చూపించింది!

ఇంకో తప్పు రాతలో ఉంది. ఐదడుగుల పదంగుళాలను మనవాళ్లు 5.10 అని రాస్తారు. దాన్ని 5.1 అడుగులుగా చదివి మారిస్తే 178 సెంటీమీటర్ల మనిషి 155కి కుదించుకుపోతాడు. ఈ తప్పు కనీసం కంటికి కనిపిస్తుంది. రెండంగుళాల తప్పు కనిపించదు.

వెన్ను వంగిన పెద్దవాళ్ల దగ్గర సరిగ్గా కొలిచినా చిక్కే. ఎత్తు తగ్గింది కాబట్టి అంచనా కూడా తగ్గి, నిజంగా తగ్గిన ఊపిరి మామూలుగా కనిపిస్తుంది. అందుకే వాళ్లను రెండు చేతులూ బారచాపమని, ఒక మధ్యవేలి కొస నుంచి ఇంకో కొసకు కొలిచి దాని నుంచి ఎత్తును అంచనా వేస్తారు. చేతి ఎముకలు వెన్నులా కుంగవు.