పసికందు ముఖం మీద తెల్ల చుక్కలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఆ చుక్కల్లో చీము ఉంది, పిండేస్తే పోతుంది.

వాస్తవం: పుట్టిన కొద్ది రోజుల్లోనే ముక్కు, బుగ్గలు, గడ్డం మీద కనిపించే ఈ తెల్ల చుక్కల్ని మిలియా అంటారు. దాదాపు సగం మంది శిశువుల్లో ఇవి ఉంటాయి. ఒక్కో చుక్క 1 నుంచి 2 మిల్లీమీటర్లు ఉంటుంది. లోపల ఉన్నది చీము కాదు, కెరాటిన్. చర్మం పైపొరలో తయారయ్యే ఈ గట్టి పదార్థం బయటికి రాలిపోకుండా చర్మం కింద చిన్న సంచిలో చిక్కుకుపోతుంది. ఆ సంచికి పైకి తెరుచుకునే దారి లేదు కాబట్టి ఎంత నొక్కినా అది బయటికి రాదు. చర్మం మాత్రం చిట్లుతుంది, గోటి కింది సూక్ష్మజీవులు ఆ గాయంలోకి చేరతాయి. అలా అంతవరకు లేని ఇన్‌ఫెక్షన్ అక్కడ మొదలవుతుంది.

అనుమానంగా ఉంటే పగటి వెలుతురులో, చేతులు కడుక్కుని, చుక్కకు రెండు పక్కలా చర్మాన్ని మెల్లగా లాగి చూడండి. మిలియా అయితే గట్టి తెల్ల చుక్కగానే నిలుస్తుంది, చుట్టూ చర్మం మామూలు రంగులో ఉంటుంది. చీముపొక్కు పసుపుగా, మెత్తగా ఉంటుంది, చుట్టూ ఎర్రటి వలయం ఉంటుంది. చామనఛాయ, నలుపు చర్మంలో ఎరుపు సరిగ్గా తెలియదు. అలాంటప్పుడు వాపు ఉందా, తాకితే వేడిగా ఉందా అని చూడాలి. మిలియాకు మందు అక్కర్లేదు. కొన్ని వారాల్లో వాటంతట అవే రాలిపోతాయి, కొందరిలో మూడు నెలల దాకా ఉంటాయి.

అపోహ: మూడో వారంలో బుగ్గల మీద ఎర్రటి మొటిమలు వచ్చాయంటే అది ఇన్‌ఫెక్షనే, యాంటీబయాటిక్ కావాలి.

వాస్తవం: రెండు నుంచి నాలుగు వారాల మధ్య బుగ్గలు, నుదురు, గడ్డం మీద ఎర్రటి చిన్న పొక్కులు రావడం మామూలే. కొన్నిటి కొన మీద తెల్లగా కూడా ఉంటుంది. తల్లి నుంచి వచ్చిన హార్మోన్ల ప్రభావంతో బిడ్డ చర్మంలో నూనె ఎక్కువగా ఊరుతుంది. చర్మం మీద మామూలుగానే ఉండే మలసీజియా అనే ఈస్ట్ పాత్ర కూడా ఇందులో ఉందని భావిస్తారు. బిడ్డ ఏడ్చినప్పుడు, ఉక్కపోసినప్పుడు మొటిమలు మరింత ఎర్రగా కనిపిస్తాయి. అది ముదిరినట్టు కాదు.

రోజుకోసారి గోరువెచ్చని నీళ్లతో ముఖం కడిగి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దితే చాలు. నూనె రాస్తే ఆ ఈస్ట్‌కు మేత వేసినట్టే. పెద్దవాళ్ల మొటిమల క్రీములు పసిచర్మానికి మంట పుట్టిస్తాయి. ఇంట్లో మిగిలిపోయిన స్టెరాయిడ్ క్రీము అసలు వద్దు. మూడు నాలుగు నెలలకల్లా ఇవి తగ్గిపోతాయి. ఆ వయసు దాటాక కొత్తగా కొన మీద నల్లటి చుక్క ఉన్న మొటిమలు మొదలైతే అవి వేరే రకం. మచ్చలు మిగిల్చే అవకాశం ఉంది కాబట్టి పిల్లల డాక్టర్‌కు చూపించాలి.

అపోహ: జ్వరం లేదు, పాలు బాగానే తాగుతోంది, కాబట్టి ఏ పొక్కైనా ఫర్వాలేదు.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం ఇదే. తొమ్మిది రోజుల బిడ్డను ఊహించుకోండి. ముక్కు మీద పుట్టినప్పటి నుంచీ తెల్ల చుక్కలున్నాయి. ఈ రోజు కనుబొమ పక్కన ఐదారు పొక్కులు కొత్తగా వచ్చాయి. ముక్కు మీదివి విడివిడిగా, గట్టిగా, నిన్నటిలాగే ఉన్నాయి. కనుబొమ పక్కవి ఒకేచోట గుంపుగా, నీళ్లు నిండి, ఎర్రటి చర్మం మీద లేచాయి. జ్వరం లేకపోయినా ఇది హెర్పిస్ కావచ్చు. నవజాత శిశువుల్లో ఆ వైరస్ కంటికి, మెదడుకు పాకుతుంది. అందుకే రేపటిదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. హెర్పిస్ అనుమానం బలంగా ఉంటే పరీక్ష ఫలితం రాకముందే అసైక్లోవిర్ అనే మందును నరంలోకి ఎక్కించడం మొదలుపెడతారు. పెదవి మీద హెర్పిస్ పొక్కు ఉన్నవాళ్లు బిడ్డను ముద్దుపెట్టుకోకూడదని చెప్పేదీ ఇందుకే.

మెడ మడతలు, చంకలు, గజ్జలు, బొడ్డు చుట్టూ చీముపొక్కులు లేస్తే, లేదా పొక్కులు చిట్లి తేనెరంగు చెక్కు కడితే బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్‌ను అనుమానించాలి. మిలియా గానీ పసి మొటిమలు గానీ ఇలా చెక్కు కట్టవు. ఆ రోజే డాక్టర్ చూడాలి.

పొక్కులు ఏ రకంవైనా సరే, చంకలో ఉష్ణోగ్రత 37.5 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించి ఉన్నా, వెచ్చగా చుట్టినా 36 కన్నా తక్కువ ఉన్నా అత్యవసరమే. పాలు పట్టకపోవడం, లేపినా మగతగా ఉండటం, ప్రశాంతంగా ఉన్నప్పుడు నిమిషమంతా లెక్కిస్తే 60 లేదా అంతకు మించి ఊపిరులు తీయడం కూడా అంతే.

బయల్దేరే ముందు పొక్కులకు క్రీము, పసుపు, పౌడర్ ఏదీ పూయకండి, నీటిపొక్కుల్ని చిదమకండి. హెర్పిస్‌ను నిర్ధారించడానికి వాటి అడుగు నుంచి కూడా నమూనా తీస్తారు.