జీడి పిక్కలా, జాబ్ నోటిఫికేషన్లా: వారానికి ఆరు గంటల బ్లాగు వెనక గొడవ

పెద్ద నోటిఫికేషన్ ఏదైనా పడిందంటే చాలు, మన శ్రీకాకుళం, విజయనగరం వైపు కొత్త జాబ్స్ బ్లాగులు పుట్టుకొస్తాయి. ఈసారి వచ్చిన గొడవ కొంచెం వేరు. ఎవరో నడిపిన ఒక జాబ్స్ సైటు అమ్మకానికి వచ్చింది. కాశీబుగ్గలో ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు రాసే కుర్రాడు దాన్ని కొనబోయి, చివరి నిమిషంలో ఆగాడు. కొనమన్నది అతని బావ. విజయనగరంలో ప్రభుత్వ టీచరు. 1964 నాటి ప్రవర్తనా నియమాల ప్రకారం అనుమతి లేకుండా వ్యాపారంలోకి దిగకూడదు కనుక, తాను దిగకుండా బామ్మర్దిని దింపాలని చూశాడు. ఇద్దరూ నాకు తెలిసినవాళ్లే కాబట్టి పేర్లు రాయను.

తెలుగు బ్లాగుల తొలి రోజుల సంగతి చదివేవాళ్లకు తెలిసిందే, దాని జోలికి పోను. ఒక్క మాట మాత్రం చెప్పుకోవాలి. అప్పట్లో 'నిచ్', అంటే బ్లాగంతా ఒకే విషయం మీద నడపడం, అన్న ప్రశ్నే లేదు. కవిత రాసినవాడే మర్నాడు వంకాయ కూర గురించి రాసేవాడు. పైసా రాదని తెలుసు కనుక, ఏ విషయం మీద రాస్తే బాగుంటుందని ఎవరూ లెక్కలు వెయ్యలేదు.

లెక్కలు మొదలైంది 2018 సెప్టెంబరులో. నా దృష్టిలో ఇవాళ్టి గొడవకు మూలం అదే. ఆ నెలలో గూగుల్, సైట్లలో ప్రకటనలు పెట్టి వాటి యజమానులకు డబ్బిచ్చే తన యాడ్‌సెన్స్‌లో తెలుగును చేర్చుకుంది. హిందీకి ఆ అవకాశం 2014లోనే వచ్చింది, మనకు నాలుగేళ్లు ఆలస్యం. అప్పటికే 2016 చివరి నుంచి చౌక డేటా ఊరూరా చేరింది. చదివేవాళ్లు సిద్ధంగా ఉన్నారు, ప్రకటనల తలుపు తెరుచుకుంది. దాంతో 'నాకేం తెలుసు' అన్న ప్రశ్న మూలన పడి, 'జనం ఏం వెతుకుతున్నారు' అన్నది ముందుకొచ్చింది. జనం వెతికేవి అందరికీ కనిపిస్తూనే ఉన్నాయి: నోటిఫికేషన్లు, హాల్ టికెట్లు, ఫలితాలు, పథకాల లబ్ధిదారుల జాబితాలు. అందరూ అక్కడికే పరుగెత్తారు.

ఆ పరుగులో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఆ విషయాలు రోజులో ఏ గంటకు పని అడుగుతాయి?

బావ వాదన ఏమంత తీసిపారేసేది కాదు. ఎవరూ వెతకని విషయం ఎంత బాగా రాసినా ఎవరు చూస్తారు? నోటిఫికేషన్ వచ్చిన రోజున వచ్చే జనం, తోటల గురించి రాస్తే ఏడాదికి కూడా రారు. సైటుకు ఎంతమంది వస్తున్నారో చూపే గీత స్క్రీన్‌షాట్ అమ్మేవాడు పంపితే, అది చూపించి మరీ చెప్పాడు. గీత నిటారుగా పైకి లేచి ఉంది.

కుర్రాడు కొనేముందు రెండు నెలలు ఆ సైటును తానే నడిపి చూస్తానన్నాడు, అమ్మేవాడు ఒప్పుకున్నాడు. ఒక బుధవారం మధ్యాహ్నం ఏదో పరీక్ష హాల్ టికెట్లు విడుదలయ్యాయి. మనవాడు ఆఫీసులో వోచర్ల ముందు కూర్చుని ఉన్నాడు, ఫోన్ డ్రాయరులో ఉంది. ఇంటికొచ్చి, అన్నం తిని, రాత్రి తొమ్మిదికి పోస్టు పెట్టాడు. అప్పటికి పెద్ద పత్రికల సైట్లన్నీ పెట్టేశాయి, వాట్సాప్‌లో లింకులు తిరిగి తిరిగి చల్లారిపోయాయి. మర్నాడు బావకు ఫోన్ చేసి అన్న మాట ఇది: "ఏటి బావా, రేపొద్దున ఫలితాలొస్తే నాను ఆఫీసులో ఉంటాను గదా, ఎవుడు పెడతాడు?" బావ దగ్గర దీనికి జవాబు లేదు. సెలవు పెట్టమన్నాడు.

నిజానికి ఆ కుర్రాడికి ఉన్నది వారానికి ఆరు గంటలు. ఆదివారం ఉదయం నాలుగు, వారం మధ్యలో రెండు రాత్రులు గంట చొప్పున. ఆ ఆరు గంటలను రెండు రకాలుగా ఖర్చు పెట్టి చూద్దాం. నోటిఫికేషన్ పోస్టు గంటలో అయిపోతుంది, వారానికి ఆరు రాయొచ్చు. కానీ దరఖాస్తు గడువు దాటాక దాన్ని ఎవరూ తెరవరు. గడువు సుమారు మూడు వారాలనుకుంటే, ఎప్పుడు చూసినా బతికున్న పోస్టులు పద్దెనిమిదే. ఏడాది తిరిగేసరికి మూడొందల పోస్టులు రాసి ఉంటాడు, బతికున్నవి మాత్రం అదే పద్దెనిమిది. ఇంట్లో పెళ్లి వచ్చి మూడు వారాలు ఆగితే అవి కూడా ఉండవు.

ఇక రెండో దారి. వారానికి ఒక్కటే, ఆరు గంటలూ పెట్టి, వచ్చే ఏడాది కూడా పనికొచ్చేది రాస్తే? పండగలు, జ్వరాలు తీసేసినా ఏడాదికి నలభై అవుతాయి. వాటిలో నాలుగైదు పాతబడి దిద్దాల్సి వచ్చినా మిగతావన్నీ నిలుస్తాయి. మూడు వారాలు ఆగినా ఏదీ కుప్పకూలదు. ఉద్యోగం ఉన్నవాడు విషయం ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది ఈ నిలవ గుణమే. పోటీ, రేటు తర్వాత.

అమ్మేవాడి స్క్రీన్‌షాట్ దగ్గరికి మళ్లీ వద్దాం, ఎందుకంటే ఇవాళ్టి తగాదా అంతా దాని చుట్టూనే. అది 28 రోజుల గీత. గూగుల్ వెతుకులాటలో సైటు ఎంతమందికి కనిపించిందో, ఎంతమంది నొక్కారో యజమానికి చూపే సెర్చ్ కన్సోల్‌లో 16 నెలల లెక్క ఉంటుంది. అది చూపించమంటే అమ్మేవాడు వారం నాన్చాడు. చివరికి చూపిస్తే, గీత రంపం పళ్లలా ఉంది: నోటిఫికేషన్ రోజున ఒక పన్ను, తర్వాత నేలమట్టం. పైగా ఆ పళ్లు నెలనెలా పొట్టివవుతున్నాయి. దానికీ కారణం లేకపోలేదు. గూగుల్ 2022 డిసెంబరులో తన నాణ్యతా మార్గదర్శకాల్లో 'అనుభవం' అన్న కొలతను చేర్చింది. 2024 మార్చిలో, సెర్చ్‌లో పైకి రావడం కోసమే గుట్టలుగా పోసే పేజీల మీద కొత్త విధానం తెచ్చింది. అధికారిక ప్రకటనను కాస్త మార్చి దించే సైటుకు చూపించుకోడానికి అనుభవం ఎక్కడిది? సెర్చ్ కన్సోల్ పూర్తి లెక్క చూపించనివాడి దగ్గర సైటు కొనకపోవడమే మంచిది.

ఇప్పుడు ఆ కుర్రాడి రెండో దారి. వజ్రపుకొత్తూరు వైపు వాళ్లకు రెండెకరాల జీడి తోట ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో జీడి, కొబ్బరి చెట్లు పడిపోయాయి కదా, వీళ్లవీ పడ్డాయి. యాడ్‌సెన్స్‌లోకి తెలుగు వచ్చిన మరుసటి నెలే అది. అప్పట్లో ఊరి జనం ఫోన్లలో వెతికింది పరిహారం జాబితా కోసం. ఆ జాబితాల పేజీలు ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. ఆ తర్వాత నాటిన అంట్లు మాత్రం కాపుకొచ్చాయి. వాటి గురించిన ప్రశ్నలు ఏటా వస్తూనే ఉంటాయి.

ఈ విషయం నిలుస్తుందో లేదో అతను ఒక ఆదివారం పరీక్షించుకున్నాడు. పుస్తకంలో ముప్పై శీర్షికలు రాయడానికి కూర్చున్నాడు. పన్నెండు దగ్గర ఆగిపోతే ఆ విషయం మనది కాదని అర్థం. ఇతనికి ఇరవై ఆరు వచ్చాయి, మిగతా నాలుగూ వాళ్ల నాన్న చెప్పాడు. తర్వాత ఒక్కొక్క దాన్నీ గూగుల్‌లో రెండు రకాలుగా కొట్టాడు: తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసి ఒకసారి. మనవాళ్లలో చాలామంది రెండో పద్ధతిలోనే వెతుకుతారు. మొదటి పేజీ నిండా పత్రికలు, ప్రభుత్వ సైట్లు ఉంటే ఆ శీర్షిక కొట్టేశాడు. సగం వీడియోలు, సగం సంబంధం లేని పేజీలు వస్తే దానికి టిక్కు పెట్టాడు. పదిహేడు మిగిలాయి.

ఈ విషయంలో కూడా నోటిఫికేషన్ లాంటి ఉచ్చు ఒకటుంది. మార్చి నుంచి మే దాకా పిక్కలు వచ్చే రోజుల్లో అందరూ వెతికేది ధర. రోజూ బస్తా రేటు పెడితే జనం వస్తారు, నిజమే. కానీ అదీ ఏ రోజుకారోజు పాడయ్యే సరుకే, రోజూ పలాస మార్కెట్లో పది ఫోన్లు చెయ్యాలి. మంచి విషయం దొరికినా, అందులో ఏ రకం పోస్టు రాస్తామన్నది వేరే నిర్ణయం. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే.

అతను ధర వదిలేసి, ధర ఎలా తేలుతుందో రాశాడు. ఆ పోస్టు సంగతి కొంచెం చెబుతాను. పిక్కల బేరం 80 కిలోల బస్తా మీద నడుస్తుంది. బస్తాలో ఎంత పప్పు వస్తుందన్నదాన్ని వ్యాపారులు ఔట్‌టర్న్ అంటారు, పౌండ్లలో చెబుతారు. రైతుకు ఆ లెక్క తెలీదు, కొనేవాడు చెప్పిందే వేదం. ఇంట్లోనే చూసుకోవచ్చు. బస్తా పైనుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి కలిపి కిలో పిక్కలు తీసి, కోసి, మంచి పప్పు వేరు చేసి తూచాలి. మచ్చ పడ్డ పప్పును సగం బరువుకే లెక్కెయ్యాలి. మొత్తం 280 గ్రాములు వచ్చిందనుకోండి. 80తో గుణిస్తే బస్తాకు 22.4 కిలోలు, అంటే సుమారు 49 పౌండ్లు. ఆ అంకె చేతిలో ఉంటే బేరం వేరేగా ఉంటుంది. వాళ్ల నాన్న కత్తితో పిక్కలు కోస్తుంటే, జీడి రసం అంటకుండా చేతులకు నూనె రాసుకుంటుంటే, ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టాడు. ఆ ఫొటోలు విజయనగరంలో కూర్చున్నవాడికి దొరకవు.

రాయడానికి రెండు ఆదివారాలు పట్టింది. మొదటి నెల సెర్చ్ కన్సోల్‌లో దాదాపు ఏమీ లేదు, కుర్రాడికి టెన్షన్ మొదలైంది. ఆ దశలో చూడాల్సింది క్లిక్కులు కాదు. మనం శీర్షికలో పెట్టని మాటలకు కూడా పేజీ కనిపిస్తోందా అన్నది చూడాలి. మూడో నెలలో 'పిక్కల్లో తేమ ఎలా చూడాలి' లాంటి ప్రశ్నలకు ఆ పేజీ కనిపించడం మొదలైంది. అవే అతని తర్వాతి శీర్షికలయ్యాయి. పది పోస్టులు పెట్టి మూడు నెలలు ఆగినా ఇలాంటి కొత్త మాటలు ఒక్కటీ రాకపోతే, విషయం మార్చుకోవచ్చు. అంతకుముందు మారిస్తే తొందరే.

డబ్బు సంగతీ దాచక్కర్లేదు. యాడ్‌సెన్స్‌లో వంద డాలర్లు నిండితేనే చేతికి వస్తుంది. తెలుగు పేజీల ప్రకటనల రేట్లు తక్కువ. వెయ్యి చూపులకు అర డాలరు వస్తుందనుకున్నా, వందకు రెండు లక్షల చూపులు కావాలి. జీడి పిక్కలకు అంత జనం తొందరగా రారు. బావ ఇప్పటికీ పట్టుకున్న పాయింటు ఇదే, అందులో తప్పులేదు. కాకపోతే ఆ రెండు లక్షల లెక్క జాబ్స్ సైటుకూ వర్తిస్తుంది, అది మాత్రం ఆయన చెప్పడు.

సైటు ఇంకా అమ్మకానికే ఉంది, రేటు సగానికి దిగింది. బావ మళ్లీ ఫోన్ చేశాడట, ఈ రేటుకైతే కొనొచ్చు కదా అని. కుర్రాడు ఆ మాట దాటవేసి, టీ దోమ అనే పురుగు పట్టిన జీడి చిగురు ఫొటోలు కావాలి, మీ స్కూలు దగ్గర తోటలో దొరుకుతాయా అని అడిగాడు. బావ మూడు పంపాడు. రెండు మసకగా ఉన్నాయి, ఒకటి పనికొచ్చింది.