ఈఆర్పీ ఇంటిగ్రేషన్: ఏపీఐ పెట్టేస్తే గొడవ వదిలిపోతుందా?

ఏ ఇంటిగ్రేషన్ మీటింగుకు వెళ్లినా ఈ మాట వినాల్సిందే: "ఈ రోజుల్లో ఇంకా ఫైళ్లేంటండీ? ఏపీఐ పెట్టేద్దాం. డేటా అప్పటికప్పుడు వెళ్తుంది, తప్పు జరిగితే అప్పటికప్పుడే తెలుస్తుంది." అప్పటికప్పుడు వెళ్తుందన్న దాంతో నాకు పేచీ లేదు. తప్పు తెలిసిపోతుందన్న దగ్గరే కంపెనీలు నష్టపోతున్నాయి.

అపోహ: ఏపీఐ కాల్ ఫెయిలైందంటే అవతల పని జరగనట్టే

వాస్తవం: జవాబు రాలేదని మాత్రమే మనకు తెలుసు. పని జరిగిందో లేదో తెలియదు.

వెబ్ స్టోర్ నుంచి W-10482 అనే ఆర్డరు ఈఆర్పీకి వెళ్లిందనుకోండి. స్టోర్ 30 సెకన్లు ఎదురుచూసి టైమౌట్ అయ్యేలా సెట్ చేశారు. నెలాఖరు కావడంతో క్లోజింగ్ జాబులు నడుస్తున్నాయి, ఈఆర్పీకి ఆర్డరు సేవ్ చేయడానికి 40 సెకన్లు పట్టింది. స్టోర్ దృష్టిలో ఆ కాల్ ఫెయిల్. అందుకని మళ్లీ పంపింది. ఈసారి జవాబొచ్చింది. ఇప్పుడు ఈఆర్పీలో ఒకే ఆర్డరుకు రెండు సేల్స్ ఆర్డర్లు, వేర్వేరు నంబర్లతో. స్టాకు రెండుసార్లు రిజర్వైపోయింది.

మా క్లయింట్ ఒకరి దగ్గర ఇది ఐటీ వాళ్ల కంట పడలేదు. పడదు కూడా, లాగ్‌లో "రీట్రై సక్సెస్" అని పచ్చగా కనిపిస్తుంటే ఎవరు తవ్వి చూస్తారు? గోడౌన్‌లో ప్యాకింగ్ చేసే ఆయనకు అనుమానమొచ్చింది, ఒకే అడ్రసుకు ఒకే సరుకు రెండు పెట్టెల్లో ఎందుకు వెళ్తోందని. అప్పటికి కొన్ని పార్సిళ్లు గేటు దాటేశాయి.

మీ దగ్గరా ఇలా జరుగుతోందేమోనని భయముంటే, టేబుల్, కాలమ్ పేర్లు మీ సిస్టమ్‌కు తగ్గట్టు మార్చి ఇది రన్ చేసి చూడండి:

```
SELECT cust_ref, COUNT(*)
FROM sales_orders
GROUP BY cust_ref
HAVING COUNT(*) > 1;
```

cust_ref అంటే స్టోర్ ఇచ్చిన ఆర్డరు నంబరు. అసలు ఆ నంబరును ఈఆర్పీలో ఎక్కడా దాచుకోవడం లేదంటే, మీ సమస్య అక్కడే మొదలైంది.

మందు పెద్దదేం కాదు. ప్రతి ఆర్డరుతోపాటు స్టోర్ నంబరు రావాలి, అదే నంబరు మళ్లీ వస్తే ఈఆర్పీ కొత్త ఆర్డరు తెరవకుండా పాతదాని నంబరే తిరిగివ్వాలి. ఇక్కడో మెలిక ఉంది. "ముందు వెతుకు, లేకపోతే చేర్చు" అని కోడ్ రాస్తే సరిపోదు. మొదటిది ఇంకా సేవ్ అవుతుండగానే రెండోది వచ్చి వెతికితే ఏమీ దొరకదు, అదీ చేరిపోతుంది. ఆ కాలమ్ మీద డేటాబేస్‌లోనే యూనిక్ కన్‌స్ట్రెయింట్ ఉండాలి, అంటే ఒకే నంబరు రెండోసారి చేరబోతే డేటాబేసే ఒప్పుకోకూడదు.

అపోహ: మిడిల్‌వేర్ కొంటే ఇవన్నీ అదే చూసుకుంటుంది

వాస్తవం: సిస్టమ్‌ల మధ్య మెసేజ్‌లు చేరవేసే ఈ మిడిల్‌వేర్‌లోని క్యూలు చాలావరకు "కనీసం ఒకసారి" చేరుస్తామనే హామీ ఇస్తాయి. అంటే రెండుసార్లూ చేర్చవచ్చు. పైన చెప్పిన కన్‌స్ట్రెయింట్ అప్పుడూ కావాల్సిందే. ఫెయిలైన మెసేజ్‌లు ఒక పక్కన పోగవుతుంటాయి, వాటిని రోజూ ఎవరు తెరిచి చూస్తారో కొనకముందే తేల్చుకోండి. ఒకే ఐటమ్ మాస్టర్ నాలుగైదు సిస్టమ్‌లకు నాలుగైదు రూపాల్లో వెళ్లాల్సి ఉంటే దాని ఖర్చు గిట్టుబాటవుతుంది. ఉన్నవి రెండే లింకులైతే, నా లెక్కలో దండగ.

అపోహ: ఫ్లాట్ ఫైల్ అంటే వెనకబాటు

వాస్తవం: 40,000 వరుసల ధరల పట్టికను వరుసకో ఏపీఐ కాల్‌గా పంపితే, ఒక్కోదానికి అర సెకను చొప్పున అయిదున్నర గంటలు పడుతుంది. అదే ఫైల్‌గా పంపితే ఒకే లోడ్. జీతాల జర్నల్, బ్యాంకు చెల్లింపుల్లాంటి రోజుకోసారి వెళ్లేవాటికి ఫైలే నయం. పంపినదేంటో తెరిచి చూసుకోవచ్చు కూడా. ఎక్సెల్‌లో మాత్రం తెరిచి సేవ్ చేయకండి, 000451 కాస్తా 451 అయిపోతుంది.

రాత్రిపూట ఫైళ్లు సజావుగా నడుస్తున్నా, ఎవరో వెక్కిరించారని వాటిని తీసేయాలా అని అడిగేవాళ్లు నాకు తరచూ తగులుతారు. తీయక్కర్లేదు. ఫైల్ రాస్తున్నంతసేపూ .tmp పేరుతో ఉంచి, పూర్తయ్యాకే అసలు పేరు పెట్టండి, అవతలివాళ్లు సగం ఫైల్ ఎత్తుకెళ్లకుండా. చివరి వరుసలో మొత్తం వరుసల సంఖ్య, మొత్తం సొమ్ము రాయండి, లెక్క కుదరకపోతే ఫైల్ మొత్తాన్ని తిప్పికొట్టేలా లోడింగ్ ప్రోగ్రామ్ మార్చండి. ప్రతి ఫైల్‌కూ ఒక వరుస నంబరు ఇవ్వండి. 87 తర్వాత మళ్లీ 87 వస్తే లోడ్ కాకూడదు, 89 వస్తే 88 ఏమైందని అడగాలి.