కాగితం మీద ఉన్న వీక్లీ ఆఫ్ డిపోలో ఎందుకు కరిగిపోతుంది?

సిటీ బస్సు డ్రైవరుకు వారానికి ఒక రోజు సెలవు ఉండాలన్న మాటను ఇప్పుడు ఎవరూ కాదనరు. డ్యూటీ చార్టులో ప్రతి పేరు ఎదురుగా ఆ రోజు రాసే ఉంటుంది. అయినా నోటీసు బోర్డు దగ్గర జరిగే గొడవల్లో ఎక్కువ భాగం దాని గురించే. తప్పంతా చార్టు వేసే గుమస్తాదో, డిపో అధికారిదో అనుకోవడం తేలిక. కానీ సెలవు పోయేది చాలావరకు లెక్కలోనే. ఆ లెక్క ఇలా తయారవడానికి నూరేళ్లకు పైగా పట్టింది.

19వ శతాబ్దంలో ట్రామును గుర్రాలు లాగేవి. గుర్రం ఖరీదైన ఆస్తి కాబట్టి దానితో రోజుకు నాలుగైదు గంటలకు మించి పని చేయించేవారు కాదు. ఒక్కో బండికి పది గుర్రాల దాకా పోషించి వంతులవారీగా కట్టేవారు. బండి తోలే మనిషి మాత్రం పద్నాలుగు, పదహారు గంటలు నిలబడే ఉండేవాడు. అంటే మనిషి కంటే ముందు డ్యూటీ చార్టు గుర్రానికే వచ్చింది.

తర్వాత కరెంటు ట్రాములు, వాటి వెనకే మోటారు బస్సులు వచ్చాయి. ఫ్యాక్టరీలు, ఆఫీసులు ఒకే వేళకు తెరుచుకోవడంతో ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి రద్దీ పోటెత్తడం మొదలైంది. మధ్యాహ్నం బండిని షెడ్డులో పెడితే పెద్ద నష్టం లేదు. డ్రైవరును మాత్రం ఏం చేయాలి? పొద్దున కొంతసేపు, సాయంత్రం కొంతసేపు పని చేయించి, మధ్యలో జీతం లేని విరామంలో వదిలేయడమే కంపెనీలకు దొరికిన జవాబు. అదే స్ప్లిట్ డ్యూటీ.

చట్టాలు పని గంటలను, వారపు సెలవును వేర్వేరుగా పట్టుకున్నాయి. పరిశ్రమల్లో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అన్న హద్దును అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో పెట్టింది. ప్రతి ఏడు రోజుల్లో కనీసం 24 గంటలు ఏకధాటిగా విశ్రాంతి ఇవ్వాలన్న ఒడంబడిక 1921లో వచ్చింది. రోడ్డు మీద ప్రయాణికులను చేరవేసేవారూ దాని కిందికే వస్తారు. అయితే పని గంటలు తగ్గినా పని దినం నిడివి తగ్గలేదు. 1937 మే 1న లండన్ బస్సు కార్మికులు ఏడున్నర గంటల పని దినం కోసం సమ్మెకు దిగారు. వేగం పెంచిన టైంటేబుళ్లు తమ ఆరోగ్యాన్ని తినేస్తున్నాయన్నది వారి వాదన. నాలుగు వారాల తర్వాత కోరింది దక్కకుండానే సమ్మె ముగిసింది.

మన దేశంలో 1939 మోటారు వాహనాల చట్టం డ్రైవరు గంటలకు ఒక హద్దు గీసింది. అసలు వివరం 1961 మోటారు రవాణా కార్మికుల చట్టంలో వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 48. ఐదు గంటలు దాటకముందే అరగంట విరామం. స్ప్రెడ్ ఓవర్, అంటే డ్యూటీ ఎక్కినప్పటి నుంచి దిగేదాకా విరామాలతో సహా పట్టే కాలం, 12 గంటలు దాటకూడదు. పనిని రోజులో రెండు ముక్కలకు మించి చేయకూడదు. టెర్మినల్లో 15 నిమిషాల లోపు ఊరికే నిలబడినా అది పని గంటల కిందే లెక్క. చార్టు వేసేవారు ఎక్కువగా మరిచిపోయేది ఈ చివరి నిబంధననే.

వీక్లీ ఆఫ్ దగ్గర మాత్రం ఆ చట్టం ఒక తలుపు తెరిచి ఉంచింది. సర్వీసు ఆగిపోకుండా చూడడానికి సెలవు రోజున కూడా పని చేయించవచ్చు, కాకపోతే మధ్యలో పూర్తి రోజు సెలవు లేకుండా వరసగా పది రోజులు దాటకూడదు. పోయిన సెలవుకు బదులు మరో రోజు ఇవ్వాలి. 1961 చట్టాన్ని తనలో కలుపుకున్న 2020 వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లోనూ ఈ పది రోజుల వెసులుబాటు కొనసాగింది. అనుకోని ఇబ్బందికి ఉద్దేశించిన ఆ తలుపు రోజూ నడిచే దారి ఎలా అవుతుందో ఒక రూటు తీసుకుని చూద్దాం.

రానుపోను ఒక రౌండుకు, టెర్మినల్ విరామంతో కలిపి, 96 నిమిషాలు పడుతుందనుకుందాం. రద్దీ వేళ 8 నిమిషాలకో బస్సు కావాలంటే 12 బస్సులు ఉండాలి. మధ్యాహ్నం 12 నిమిషాలకో బస్సు చాలు, అంటే 8 బస్సులు. రోజంతా తిరిగే ఈ ఎనిమిదింటికి పొద్దుటి షిఫ్టు, మధ్యాహ్నం షిఫ్టు కలిపి 16 డ్యూటీలు. రద్దీకే బయటికొచ్చే నాలుగు బస్సులకు నాలుగు స్ప్లిట్ డ్యూటీలు. మొత్తం రోజుకు 20. ఆదివారం కూడా ఇదే టైంటేబుల్ అనుకుంటే వారానికి 140 డ్యూటీలు. ఒక్కొక్కరు ఆరు రోజులు చేస్తే 140ని ఆరుతో భాగించాలి: 23.33, అంటే 24 మంది.

చాలా డిపోల్లో లెక్క ఇక్కడే ఆపేస్తారు. జబ్బు, పెళ్లి, ట్రైనింగ్, లైసెన్స్ రెన్యువల్ లాంటివన్నీ కలిపి వందకు 15 పని దినాలు పోతాయనుకోండి. 24 మంది నుంచి వారానికి రావాల్సిన 144 పని దినాల్లో చేతికి వచ్చేవి 122 మాత్రమే. 140 డ్యూటీల్లో మిగిలిన 18 వీక్లీ ఆఫ్‌లో ఉన్నవాళ్లే చేయాలి, లేదంటే ఉన్నవాళ్లు డబుల్ డ్యూటీ చేయాలి. అంటే చార్టులో రాసిన 24 వీక్లీ ఆఫ్‌లలో 18 దాకా ముందే ఖర్చయిపోయాయి. అందరికీ నికరంగా సెలవు దొరకాలంటే 23.33ను 0.85తో భాగించాలి. 28 మంది కావాలి. ఆ నలుగురు స్పేర్ డ్రైవర్లు ఉన్నారా లేరా అన్నదే అసలు ప్రశ్న. ఎవరికి ఏ రోజు సెలవు అన్నది ఆ తర్వాతి సంగతి.

మనుషులు చాలినంత మంది ఉన్నా సెలవును తిప్పే తీరులో ఇంకో చిక్కు ఉంది. ఆదివారం సెలవు అందరికీ వంతు రావాలని వారానికో రోజు చొప్పున ముందుకు జరుపుతారు: ఈ వారం సోమవారం, వచ్చే వారం మంగళవారం, ఆపై బుధవారం. వారానికి ఒకటి ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ రెండు సెలవుల మధ్య పని దినాలు లెక్కపెడితే ఆరు కాదు, ఏడు వస్తాయి. ఏడో వారం ఆదివారం, దాని వెంటనే సోమవారం జంటగా సెలవు వచ్చి బాకీ తీరుతుంది. ఆ జంట సెలవు కోసం చాలామంది డ్రైవర్లు ఈ పద్ధతినే ఇష్టపడతారు, అందులో తప్పేమీ లేదు. కాకపోతే ఆ ఏడేసి రోజుల వరసల మధ్య ఉన్న ఒక్క ఆఫ్‌ను రద్దు చేసినా పని వరస ఏకంగా పదిహేను రోజులకు పాకుతుంది, పది రోజుల హద్దు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. సెలవును వెనక్కి జరిపితే, అంటే ఆదివారం తర్వాతి వారం శనివారం ఇస్తే, మధ్యలో ఐదు పని దినాలే ఉంటాయి. కానీ ఏడు వారాల్లో ఎనిమిది సెలవులు ఇవ్వాల్సి వస్తుంది, మనుషులు ఇంకా కావాలి.

సెలవు నిడివి కూడా అందరికీ ఒకటి కాదు. శనివారం రాత్రి పదిన్నరకు దిగి, ఆదివారం సెలవు తీసుకుని, సోమవారం తెల్లవారుజామున నాలుగున్నరకు ఎక్కేవాడికి దక్కేది 30 గంటలు, అందులో రెండు రాత్రి నిద్రలూ కోతే. శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు దిగి సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఎక్కేవాడికి 48 గంటలకు పైనే. చార్టులో ఇద్దరిదీ ఒక్క గడే. లేటు వారం నుంచి నేరుగా తొలి షిఫ్టు వారానికి దూకించకుండా, మధ్యలో ఒక వారం ఏడు గంటల ప్రాంతంలో మొదలయ్యే స్ప్లిట్ డ్యూటీ పెడితే ఈ తేడా కొంత సర్దుకుంటుంది. స్ప్లిట్ డ్యూటీకి ఉన్న కొద్దిపాటి ఉపయోగాల్లో ఇదొకటి.

ఇక రూటు మారితే ఏమవుతుంది? మన స్ప్లిట్ డ్యూటీల్లో ఒకటి పొద్దున 7:15కి సైన్ ఆన్, 7:30కి బస్సు బయటికి. రెండు రౌండ్లయ్యేసరికి 10:42. మళ్లీ 3:30కి ఎక్కి రెండు రౌండ్లు తిరిగితే సాయంత్రం 6:42. లెక్క అప్పజెప్పి దిగేసరికి 6:57. స్ప్రెడ్ ఓవర్ 11 గంటల 42 నిమిషాలు. సాయంత్రం రద్దీ ఏడుకు ఆగిపోదు కాబట్టి నాలుగు స్ప్లిట్లలో రెండింటిని గంట ఆలస్యంగా మొదలుపెడతారు.

ఇప్పుడు ఫ్లైఓవర్ పని వల్ల రూటు మళ్లించారు, రౌండుకు 12 నిమిషాలు పెరిగింది. చార్టు మాత్రం మార్చలేదు. మొదటి ముక్క 11:06కి, రెండోది 7:06కి ముగుస్తాయి. దిగేది 7:21కి. స్టీరింగ్ మీద గడిపింది 7 గంటల 12 నిమిషాలే, 8 గంటల హద్దు చెక్కుచెదరలేదు. స్ప్రెడ్ ఓవర్ మాత్రం 12 గంటల 6 నిమిషాలు. పని గంటలు ఒక్కటే చూసే అధికారికి ఇందులో తప్పేమీ కనిపించదు. రోజుకు 48 నిమిషాల చొప్పున ఆరు రోజులకు 4 గంటల 48 నిమిషాలు అదనపు పని, ఓటీ రాస్తే రాసినట్టు, లేకపోతే లేనట్టు. సాధారణంగా మొదట పోయేది టెర్మినల్లో ఊపిరి తీసుకునే వ్యవధి, తర్వాత భోజన విరామం. ఆ పైన షిఫ్టు మార్చుకునే చోట ఇంకో డ్రైవరు బస్సు కోసం ఎదురుచూస్తూ నిలబడతాడు.

ఇదే అంతరంతో బస్సులు నడపాలంటే 108 నిమిషాల రౌండుకు రద్దీలో 14, మధ్యాహ్నం 9 బస్సులు కావాలి. డ్యూటీలు 20 నుంచి 23 అవుతాయి, వారానికి 161. అదే 15 శాతం గైర్హాజరుతో 32 మంది డ్రైవర్లు. పన్నెండు నిమిషాల మళ్లింపు నలుగురు మనుషులను అడుగుతోందన్నమాట. వారిని ఇవ్వలేకపోతే 12 బస్సులతోనే 9 నిమిషాలకో బస్సు అని బోర్డు మార్చాలి. ప్రయాణికులు తిడతారు, కానీ అది నిజాయతీ గల టైంటేబుల్. ఈ రెండూ చేయకుండా పాత చార్టే నడిపిస్తే లోటు డ్రైవర్ల విరామాల్లోంచి, ఆ తర్వాత ఆఫ్‌లలోంచి పూడుతుంది.

చార్టు ఆరోగ్యం తెలుసుకోవడానికి దాన్ని నిలువుగా చదివితే లాభం లేదు, నిలువుగా ఎప్పుడూ అన్ని డ్యూటీలూ నిండే కనిపిస్తాయి. ఒక్కో పేరు పట్టుకుని అడ్డంగా మూడు వారాలు చదవాలి. రెండు ఆఫ్‌ల మధ్య పని దినాలు లెక్కపెట్టాలి, ఆఫ్‌కు ముందు దిగిన వేళ నుంచి తర్వాత ఎక్కిన వేళ దాకా గంటలు చూడాలి. ఆ తర్వాత చార్టును పక్కన పెట్టి డ్యూటీ రిజిస్టరు తీసి, స్ప్లిట్ డ్యూటీల్లో రాసిన దిగే వేళకూ నిజంగా సంతకం పెట్టిన వేళకూ తేడా రాసుకోవాలి. అది రెండు వారాల పాటు రోజూ ఒకే వైపు పావుగంట దాటుతుంటే ట్రాఫిక్‌ను నిందించి లాభం లేదు, రౌండు సమయాన్ని మళ్లీ కొలవాలి.