మెంథైల్ క్లోరైడ్ అడిగే ప్రశ్న

మెంథైల్ క్లోరైడ్‌ను ఇథనాల్‌లో గాఢమైన సోడియం ఇథాక్సైడ్‌తో వేడి చేస్తే ఏ ఆల్కీన్ వస్తుంది? జైట్సెవ్ నియమాన్ని కంఠతా పట్టిన విద్యార్థి ఎక్కువ ప్రతిక్షేపకాలున్న ద్విబంధాన్ని ఎంచుకుని 3-మెంథీన్ అని రాస్తాడు. వచ్చేది మాత్రం 2-మెంథీన్ ఒక్కటే.

ఇక్కడ నడిచేది E2 అనే విలోపన చర్య. హైడ్రోజన్, క్లోరిన్ ఒకేసారి ఊడిపోవాలి. అందుకు అవి ఒకే తలంలో, ఒకదానికొకటి ఎదురుదిశల్లో ఉండాలి. ఆరు కార్బన్ల వలయంలో ఇది కుదరాలంటే రెండూ అక్షీయ స్థానాల్లో, అంటే వలయానికి నిలువుగా, ఒకటి పైకి ఒకటి కిందికి ఉండాలి.

మెంథైల్ క్లోరైడ్ స్థిరమైన కుర్చీ ఆకృతిలో మిథైల్, ఐసోప్రొపైల్, క్లోరిన్ మూడూ వలయం అంచు వెంబడి పరుచుకుని ఉంటాయి. ఆ స్థితిలో E2 జరగదు. కుర్చీ తిరగబడాలి, అప్పుడు మూడూ అక్షీయమవుతాయి. కానీ ఐసోప్రొపైల్ అక్షీయమైతే అదే కార్బన్ మీదున్న ఏకైక హైడ్రోజన్ పక్కకు జరిగిపోతుంది. అందుబాటులో మిగిలేది క్లోరిన్ ఉన్న కార్బన్‌కు అవతలి పక్కనున్న రెండో కార్బన్ మీది హైడ్రోజన్. అందుకే 2-మెంథీన్.

క్లోరిన్ దిశ ఒక్కటే వేరైన నియోమెంథైల్ క్లోరైడ్‌కు ఈ అవస్థ లేదు. దాని స్థిరమైన కుర్చీలోనే క్లోరిన్ అక్షీయం, రెండు వైపులా తగిన హైడ్రోజన్లున్నాయి. చర్య దాదాపు 200 రెట్లు వేగం. ఉత్పన్నాల్లో 3-మెంథీన్ సుమారు 78 శాతం, 2-మెంథీన్ 22 శాతం.

అసలు పరీక్ష ప్రశ్న రెండో భాగంలో ఉంది. అదే మెంథైల్ క్లోరైడ్‌ను 80 శాతం ఇథనాల్ ఉన్న నీటి ద్రావణంలో, 0.01 మోలార్ ఇథాక్సైడ్‌తో, 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచితే వచ్చే ఆల్కీన్లలో 3-మెంథీన్ 68 శాతం, 2-మెంథీన్ 32 శాతం. ఎందుకు మారింది? క్షారం పలచబడి E1 పైచేయి సాధించింది. క్లోరిన్ ముందే వెళ్ళిపోయి కార్బోకాటయాన్ ఏర్పడితే, క్లోరిన్ ఏ వైపు ఉండేదన్న పట్టింపు పోతుంది, రెండు పక్కల హైడ్రోజన్లూ పనికొస్తాయి. క్షారం గాఢత రెట్టింపు చేస్తే E2 వేగం రెట్టింపవుతుంది, E1 వేగం దాదాపు కదలదు. ఇదీ అడిగి చూడవచ్చు.

దిద్దేటప్పుడు ఒక జవాబు దగ్గర ఆగాలి: "బలమైన క్షారం, కాబట్టి E2." తప్పేమీ కాదు. కానీ ఆ వాక్యం నియోమెంథైల్‌కూ సరిపోతుంది, రెండింటి ఉత్పన్నాలు ఎందుకు వేరో చెప్పదు. కుర్చీ బొమ్మ లేని జవాబుకు పూర్తి మార్కులు ఇవ్వకూడదని నా అభిప్రాయం.

బొమ్మలోనూ ఒక పొరపాటు పదేపదే వస్తుంది. కుర్చీని తిప్పేటప్పుడు క్లోరిన్‌ను మాత్రం అక్షీయం చేసి ఐసోప్రొపైల్‌ను ఉన్నచోటే వదిలేస్తారు. అప్పుడు గీసింది నియోమెంథైల్ క్లోరైడ్ అవుతుంది, 3-మెంథీన్ "రుజువు" అయిపోతుంది. తిరగబడినా పైకున్న సమూహం పైకే, కిందికున్నది కిందికే ఉండాలి. అందుకే ప్రశ్నలో కుర్చీ ఇవ్వకుండా, నిండు గీతలు, చుక్కల గీతలతో గీసిన చదునైన షడ్భుజినే ఇవ్వాలి. దాన్ని కుర్చీగా మార్చడం విద్యార్థి పని.