జీడీ రౌండ్: ముందు మాట్లాడితే ముందుకెళ్తామా?

హైదరాబాద్ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో పిల్లలకు గ్రూప్ డిస్కషన్ నేర్పించడం నా పని. ప్లేస్‌మెంట్ డ్రైవ్‌ల సీజన్ మొదలయ్యే ముందు ప్రతి బ్యాచ్‌కీ సీనియర్ల నుంచి కొన్ని సలహాలు వారసత్వంగా వస్తుంటాయి. వాటిలో సగం వాళ్లనే దెబ్బతీస్తాయి. అందుకే ఒకే టాపిక్ తీసుకుని వాటి సంగతి చూద్దాం: "హైదరాబాద్ ట్రాఫిక్‌కు పరిష్కారం ఫ్లైఓవర్లా, ప్రజా రవాణానా?" పదిమంది కూర్చున్నారు. ఆలోచించుకోవడానికి ఒక నిమిషం, మాట్లాడటానికి 12 నిమిషాలు. అసలు రౌండ్ చాలావరకు ఇంగ్లిష్‌లోనే జరుగుతుంది; ఇక్కడి మాటలను మీరు అక్కడ ఇంగ్లిష్‌లో చెప్పుకోవాలి.

అపోహ: ఎవరు ముందు మొదలుపెడితే వాళ్లకు మార్కులు.

మొదలుపెట్టడానికి మార్కులుండవు, దారి చూపించడానికి ఉంటాయి. "ట్రాఫిక్ నేడు మన నగరాన్ని పీడిస్తున్న అతిపెద్ద సమస్య" అని మొదలుపెడితే ఆ వాక్యంతో తర్వాతివాళ్లు చేసేదేమీ లేదు. వాళ్లు మళ్లీ మొదటినుంచి ఎత్తుకోవాలి. అదే, "దీన్ని మూడు ప్రశ్నలుగా చూద్దాం: రోడ్డు మీద ఎక్కువగా తిరుగుతున్నది ఎవరు, దేనికి ఎంత ఖర్చవుతుంది, ఫలితం ఎన్నాళ్లకు కనిపిస్తుంది? ముందు మొదటిది తీసుకుందామా?" అంటే, పదిమందికీ అడుగు పెట్టడానికి చోటు దొరికింది. దీనికి 20 సెకన్లు చాలు.

మీకంటే ముందు ఎవరో పసలేని మాటతో మొదలుపెట్టేస్తే కంగారు పడకండి. రెండో మాటగానో మూడో మాటగానో ఇదే విభజన పెట్టొచ్చు. చర్చ చెదిరిపోతున్నప్పుడు దారిలో పెట్టినవాళ్లను ప్యానెల్ ఎక్కువగానే గమనిస్తుంది.

ఆ ఒక్క నిమిషంలో కాగితం మీద వాక్యాలు రాయకండి. ఈ మూడు ప్రశ్నలు, ఒక్కోదాని కింద ఒకట్రెండు మాటలు చాలు. కచ్చితంగా తెలిసిన అంకె ఉంటే ఒకటి రాసుకోండి. మెట్రో 2017 నవంబరులో మొదలైందని, మొదటి దశలో మూడు కారిడార్లు, సుమారు 69 కిలోమీటర్లు అని తెలిస్తే మంచిదే. తెలియకపోతే అంకె లేకుండానే మాట్లాడండి. "సర్వేల ప్రకారం 80 శాతం మంది..." అంటూ అప్పటికప్పుడు పుట్టించిన లెక్కను, ఏ సర్వే అని పక్కవాడు అడిగితే మీ తర్వాతి రెండు వంతులూ సంజాయిషీకే సరిపోతాయి.

అపోహ: ఎన్నిసార్లు మాట్లాడితే అంత మంచిది.

లెక్క వేసుకోండి. 12 నిమిషాలు, పదిమంది. తలా 72 సెకన్లు. అంటే 20 సెకన్ల చొప్పున మూడు, మహా అయితే నాలుగుసార్లు. అంతకు మించి తీసుకున్న ప్రతి నిమిషం ఎవరిదో ఒకరిది. ఆ సంగతి ప్యానెల్‌కు కనిపిస్తూనే ఉంటుంది.

అసలు కష్టం ఈ 20 సెకన్లు సంపాదించడంలోనే. నలుగురు ఒకేసారి గొంతెత్తి చేపల మార్కెట్ చేసినప్పుడు ఐదో గొంతు కలిపితే ఎవరికీ వినపడదు. మాట్లాడేవాళ్లు వాక్యం చివరికొచ్చేసరికి స్వరం కాస్త దిగుతుంది, ఊపిరి తీసుకుంటారు. మీరు లోపలికి రావాల్సింది అక్కడ. వచ్చేటప్పుడు మీ మాట మొదటి ముక్క అవతలివాళ్లదై ఉండాలి. ఎదుటివాళ్లు తమ మాట వినిపించగానే సహజంగా ఆగుతారు. "ఐ థింక్" అని మొదలుపెడితే ఆగరు.

మన టాపిక్‌లో చూద్దాం. 4వ నంబర్ అమ్మాయి, "నేను ఘట్‌కేసర్ నుంచి వస్తాను, మెట్రో ఎక్కాలంటే ముందు ఉప్పల్ దాకా రావాలి" అంది. 7వ నంబర్ అబ్బాయి, "ఫ్లైఓవర్ కట్టగానే తేడా తెలుస్తుంది, మెట్రోకు ఏళ్లు పడుతుంది" అన్నాడు. ఆ తర్వాత ముగ్గురు మెట్రో మంచిదా ఫ్లైఓవర్ మంచిదా అని అటూ ఇటూ లాగారు. అప్పుడు 2వ నంబర్ అబ్బాయి అందుకున్నాడు: "4వ నంబర్ చెప్పిన ఇబ్బందే 7వ నంబర్ అడుగుతున్నదానికి కారణం. స్టేషన్‌కు చేరే సౌకర్యం లేక బండి తీస్తున్నాం. బండి తీశాక ఫ్లైఓవర్ కావాలంటున్నాం. కాబట్టి స్టేషన్ దాకా నడిచే బస్సుల ఖర్చు ఎంతో మాట్లాడుకుందామా?"

అతను కొత్త సమాచారం ఒక్కటీ తేలేదు. విన్న రెండు మాటలను కలిపి చర్చను రెండో ప్రశ్నలోకి తీసుకెళ్లాడు. నేను స్కోర్ షీట్ పట్టుకుని కూర్చుంటే కంటెంట్, వినడం, బృందంతో కలవడం అన్న మూడు గడుల్లోనూ ఈ ఒక్క మాటకే మార్కు వేస్తాను.

మీరు మాట్లాడుతుండగా ఎవరైనా అడ్డొస్తే, "ఒక్క వాక్యం, పూర్తి చేస్తాను" అని నిజంగా ఒక్క వాక్యంలోనే ముగించండి. ఇంకో మూడు వాక్యాలు సాగదీస్తే తర్వాతిసారి మీ మాటకు ఎవరూ ఆగరు.

అపోహ: మౌనంగా ఉన్నవాళ్లను "మీరేమంటారు?" అని అడిగితే లీడర్‌షిప్ మార్కులు.

ఈ చిట్కా ఇప్పుడు అందరికీ తెలుసు, ప్యానెల్‌కు ముందే తెలుసు. బిగుసుకుపోయి కూర్చున్నవాళ్ల మీదకు ఒక్కసారిగా అందరి చూపూ తిప్పడం సాయం కాదు. అడగాలనుకుంటే పట్టుకోవడానికి ఒక కొస ఇవ్వండి: "9వ నంబర్, ఇందాక బస్సుల మాట వచ్చినప్పుడు మీరు ఏదో అనబోయారు, చెప్పండి." నిజంగా అనబోతేనే సుమా.

అపోహ: ముగింపు అంటే తీర్పు చెప్పడం.

ఇక్కడే చాలామంది పట్టుతప్పుతారు. "కాబట్టి మెట్రోయే సరైన పరిష్కారమని మేమంతా తేల్చాం" అంటాడు ఒకడు. నలుగురు ఒప్పుకోనే లేదు! గుంపు చెప్పనిదాన్ని గుంపు పేరున చెప్పాడంటే వినలేదనే అర్థం. ఇంకొకరు చివర్లో గుర్తొచ్చిన కొత్త పాయింట్‌ను ముగింపులో దూరుస్తారు. దానికి జవాబు చెప్పే సమయం ఎవరికీ లేదు కాబట్టి అదీ తప్పే.

ముగింపుకు 40 సెకన్లు, మూడు ముక్కలు: దేనిమీద ఒప్పుకున్నాం, ఎక్కడ విడిపోయాం, ఏది తేలకుండా మిగిలింది. పై చర్చకు ఇలా ఉంటుంది: "సొంత బండ్లు తగ్గాలన్నదానిపై దాదాపు అందరం ఒప్పుకున్నాం. ముందు దేనిమీద ఖర్చు పెట్టాలన్నదానిపై రెండుగా చీలిపోయాం: త్వరగా ఫలితమిస్తుందని కొందరు ఫ్లైఓవర్ అన్నారు, ఎక్కువమందికి ఉపయోగమని మరికొందరు మెట్రో, బస్సులు అన్నారు. స్టేషన్ దాకా చేరే సౌకర్యాన్ని ఎవరు నడపాలన్నది తేలలేదు."

ఇది చెప్పాలంటే పదో నిమిషంలో గుర్తుచేసుకుంటే కుదరదు. మొదటినుంచీ కాగితాన్ని నిలువుగా రెండు గళ్లు చేసి, ఎవరు ఏ వైపో నంబర్, పక్కన ఒక్క మాట రాస్తూ ఉండాలి: "4-ఘట్‌కేసర్", "7-త్వరగా". అభిప్రాయం మార్చుకున్నవాళ్లకు బాణం గుర్తు పెట్టండి. తలవంచుకుని అన్నీ రాసుకుంటూ పోతే మాత్రం మాట్లాడే వంతు పోతుంది.

కొన్ని ప్యానెళ్లు ఒక్కరినే కాకుండా అందరినీ వరసగా ముగించమంటాయి. మీ వంతు ఎనిమిదోదైతే ముందువాళ్లు చెప్పినదంతా మళ్లీ వల్లించకండి. వాళ్లు వదిలేసింది ఏదో చూసి, "ఖర్చు గురించి 5వ నంబర్ చెప్పిన మాట ముగింపుల్లో రాలేదు, అది కలపాలి" అని ఆ ఒక్కటీ చెప్పి ఆపేయండి.