మెడలో నలిగితే, నడుములో నలిగితే

తోతాపురి కాయలు కోతకు వచ్చే జూన్, జూలై నెలల్లో మా ఫిజియోథెరపీ గదిలో పరుపులు ఖాళీగా ఉండవు. చిక్కం కర్రకు అందని కాయల కోసం చిటారు కొమ్మ ఎక్కి, కొమ్మ విరిగి పడినవాళ్లు తిరుపతికి వస్తూనే ఉంటారు. అలా వచ్చిన ఇద్దరి గురించి చెబుతాను. గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు కొన్ని మార్చాను. ఒకాయన బంగారుపాళెం వైపు తోటలో, మరొకాయన దామలచెరువు వైపు తోటలో పడ్డారు. ఇద్దరూ పన్నెండు అడుగుల ఎత్తునుంచే పడ్డారు. మొదటాయన కాళ్ల మీద, పిరుదుల మీద పడ్డాడు. రెండో ఆయన తలకిందులుగా పడ్డాడు. ఇద్దరికీ నలిగింది వెన్నుపామే: మొదటాయనకు నడుములో, రెండో ఆయనకు మెడలో.

మొదటాయన భార్య ఒకరోజు నన్ను పక్కకు పిలిచి అడిగింది: "సార్, ఇద్దరూ చెట్టుమీదనుంచే కదా పడ్డారు. మా ఆయనకు చేతులు బాగానే ఉన్నాయి, ఆయనకు చేతులు కూడా ఎందుకు పోయాయి? మరి మా ఆయనకంటే ముందే ఆయన కాళ్లు ఎగిరెగిరి పడుతున్నాయే, అదెలా?" రెండో ప్రశ్న విని నాకు నవ్వొచ్చింది, బాధ కూడా కలిగింది. వైద్య విద్యార్థులు కూడా తడబడే చోటు అది.

వెన్నుపామును జడ అనుకోండి. మెదడు అడుగున మొదలై, వెన్నుపూసల మధ్య సొరంగంలాంటి దారిలో కిందికి దిగుతుంది. పెద్దవాళ్లలో దాదాపు 45 సెంటీమీటర్ల పొడవు, చిటికెన వేలంత లావు. దారి పొడవునా ఇటొకటి అటొకటిగా 31 జతల నరాలు బయటికి వస్తాయి. ఆ జడ నడుము చివరిదాకా దిగదు. నడుములో మొదటి రెండు పూసల దగ్గరే, అంటే ఎల్1, ఎల్2 పూసల మధ్యనే ఆగిపోతుంది. అక్కడినుంచి కిందికి వేలాడేవి జడకుచ్చులు, అంటే విడివిడి నరాల కట్ట. పాశ్చాత్య వైద్యులు దాన్ని గుర్రపు తోక అన్నారు. మనకు జడకుచ్చులే నయం.

ఇలా ఎందుకంటే, పిండదశలో మూడో నెలలో వెన్నుపాము, వెన్నెముక సమానంగానే ఉంటాయి. తర్వాత ఎముక వేగంగా పెరుగుతుంది, పాము వెనకబడుతుంది. నరాలు మాత్రం తమ పాత పూసల సందులనుంచే బయటపడాలి కాబట్టి కిందికి సాగి, పొడవుగా వేలాడతాయి. మెడలో పూస, దానికి సంబంధించిన పాము భాగం దాదాపు పక్కపక్కనే ఉంటాయి. నడుము పైభాగానికి వచ్చేసరికి ఆ రెండింటి మధ్య ఎడం బాగా పెరిగిపోతుంది. కాళ్లను, మూత్రాశయాన్ని నడిపే పాము భాగాలన్నీ ఛాతీ చివరి పూసల దగ్గర, ఎల్1 దగ్గర ఇరుక్కుని ఉంటాయి. అందుకే ఎక్స్‌రేలో ఏ పూస విరిగిందో చూసి ఏ పని పోయిందో చెప్పేయడం కుదరదు. మనిషిని పరీక్షించాలి. ఇంకో మాట: ప్రమాదాల్లో పాము కత్తితో కోసినట్టు తెగడం అరుదు. విరిగిన పూస దాన్ని నలిపేస్తుంది, ఆ తర్వాతి గంటల్లో వాపు వచ్చి నష్టం ఇంకొంచెం పెరుగుతుంది.

దామలచెరువు ఆయనకు మెడలో ఆరో పూస ఏడో పూస మీద ముందుకు జారింది. పరీక్షలో తేలిన స్థాయి సి6, అంటే మెడలో ఆరో నరం. సి అంటే మెడ, టి అంటే ఛాతీ, ఎల్ అంటే నడుము, ఎస్ అంటే దానికి కింది భాగం. సి6 పోయిందని దీని అర్థం కాదు, సి6 దాకా పనిచేస్తోందని అర్థం. బంధువులు ఇక్కడే పొరబడతారు.

ఒక ముద్ద అన్నం నోటికి ఎలా చేరుతుందో గమనిస్తే మెడ నరాల లెక్క తెలిసిపోతుంది. చెయ్యి కంచం వైపు చాచాలంటే మోచేయి నిటారు కావాలి, అది సి7 పని. ముద్ద పిసికి వేళ్లు ముడవాలంటే సి8 కావాలి. వేళ్లను పక్కలకు విప్పి మళ్లీ దగ్గరికి చేర్చే చిన్న కండరాలు టి1 చేతిలో ఉంటాయి. మణికట్టు పైకి లేవడం సి6. మోచేయి ముడిచి ముద్దను నోటిదాకా ఎత్తడం సి5. మన మనిషికి సి5, సి6 ఉన్నాయి. అంటే చెయ్యి నోటిదాకా వస్తుంది, కానీ అందులో ముద్ద ఉండదు. కంచం దాకా చెయ్యి చేరాలన్నా భుజాన్ని విసిరి, బరువు సాయంతో వాలనివ్వాలి. ఒక్క సి7 మిగిలి ఉంటే కథ వేరేగా ఉండేది. మోచేయి చాచే బలం ఉంటే రెండు చేతులు పరుపుమీద ఊని, పిరుదులు లేపి, మంచంమీదనుంచి చక్రాల కుర్చీలోకి జరగడం చాలా తేలిక. మెడలో ఒక్క మెట్టు తేడా, అంటే రెండు సెంటీమీటర్లయినా ఉండదు, ఒక మనిషి రోజంతా మరొకరిమీద ఆధారపడాలా వద్దా అన్నది తేల్చేస్తుంది.

ఊపిరి సంగతి కూడా మెడలోనే తేలుతుంది. ఊపిరి తీసే ప్రధాన కండరం ఉదరవితానం. దాని నరం సి3, సి4, సి5లనుంచి వస్తుంది. అంతకంటే పైన నలిగితే అక్కడికక్కడే ఊపిరి ఆగుతుంది. సి6 ఆయనకు అది మిగిలింది. కానీ పక్కటెముకల మధ్య కండరాలు, పొట్ట కండరాలు ఛాతీ నరాలవి కాబట్టి పోయాయి. ఆయన ఊపిరి పీలుస్తుంటే పొట్ట ఉబ్బేది, ఛాతీ మాత్రం లోపలికి పోయేది. పడిన తొలి రోజుల్లో ఆయన పక్కన నిలబడితే ఇది స్పష్టంగా కనిపించింది. దగ్గడానికి పొట్ట బలం కావాలి. అది లేక కఫం గొంతు దాకా వచ్చి ఆగేది. రెండు అరచేతులు ఆయన పొట్టమీద ఉంచి, దగ్గే క్షణానికి సరిగ్గా పైకి నొక్కడం ఆయన తమ్ముడికి నేర్పాం. ఈ దశలో మనుషులను ఎక్కువగా బలితీసుకునేది న్యుమోనియానే.

కంటికి కనపడని నష్టం ఇంకొకటి ఉంది. రక్తనాళాలను బిగించి, చెమట పట్టించే నరాలు మెదడునుంచి దిగివచ్చి, టి1 నుంచి ఎల్2 వరకు ఉన్న భాగంలోనే వెన్నుపామునుంచి బయటికి వస్తాయి. మెడలో నలిగితే ఆ మొత్తం ఏర్పాటు మెదడు ఆజ్ఞ అందని చోట మిగిలిపోతుంది. రక్తస్రావంతో బీపీ పడిపోయినవాడి ఒళ్లు చల్లబడుతుంది, గుండె వేగం పెరుగుతుంది. మెడ దెబ్బతో బీపీ పడిపోయినవాడి ఒళ్లు వెచ్చగా ఉంటుంది, గుండె నెమ్మదిస్తుంది. ఆ తేడా పట్టుకోకుండా సెలైన్ మీద సెలైన్ ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఇక తిరుపతి మే నెల ఎండ. ఆయనకు భుజాల కింద చెమట పట్టదు, కాబట్టి గదిలో వేడి పెరిగితే ఆయన ఒంటి వేడీ పెరుగుతుంది. ఇది జ్వరమని మాత్రలు వేస్తే తగ్గదు. తడిబట్టతో తుడిచి ఫ్యాను కింద ఉంచాలి.

కొన్ని నెలల తర్వాత ఆయనకే ఇంకో చిక్కు వచ్చింది. మామూలుగా 95 ఉండే పై బీపీ ఒక సాయంత్రం 170కి ఎగబాకింది. ముఖం ఎర్రబడి చెమటలు, తల పగిలేంత నొప్పి. కారణం మెలిపడిన మూత్రపు గొట్టం. నిండిన మూత్రాశయం కిందనుంచి కేకలు పెడుతుంటే పాము అడుగు భాగం తనంతట తాను రక్తనాళాలను బిగించేసింది. ఆపమని చెప్పాల్సిన మెదడు మాట కిందికి చేరడం లేదు. కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, గొట్టం సరిచేయగానే బీపీ దిగింది. పడుకోబెట్టి ఉంటే ఇంకా పెరిగేది. టి6, అంతకంటే పైన దెబ్బ తగిలినవారిలోనే ఈ ప్రమాదం ప్రధానంగా ఉంటుంది. నడుము దెబ్బ ఆయనకు ఇది రాదు.

మరి నడుము దెబ్బ ఆయన సంగతి. కాళ్లమీద పడ్డప్పుడు బరువంతా, కదలని పక్కటెముకల గూడు, కదిలే నడుము కలిసే చోట పడుతుంది. ఆయన ఎల్1 పూస చితికి, ముక్క వెనక్కి జరిగింది. మడమ ఎముక కూడా విరిగింది. ఈ రెండూ తరచు జంటగా వస్తాయి కాబట్టి, పైనుంచి పడి మడమ విరిగిందని వచ్చినవాడి నడుము చూడకుండా పంపకూడదు. ఆ పూస దగ్గర ఉన్నవి జడ కొస, దాని చుట్టూ కుచ్చులు. కొసలో ఉండేవి ఎస్2, ఎస్3, ఎస్4 భాగాలు, అంటే మూత్రం, మలం, లైంగిక చర్యల కేంద్రాలు. పక్కనుంచి దిగే కుచ్చులు తొడలకు, కాళ్లకు వెళ్లేవి. కొస నలిగితే అక్కడి కణాలు తిరిగి రావు. కుచ్చులు చేతికి కాలికి వెళ్లే మామూలు నరాల్లాంటివి, నొక్కుడు తగ్గితే కోలుకునే అవకాశం ఎక్కువ.

ఆయన విషయంలో జరిగింది అదే. మూడు నెలలకు తొడ పైకి లేచింది (ఎల్2), తర్వాత మోకాలు నిటారైంది (ఎల్3). పాదం వేలాడుతూనే ఉంది. చీలమండ దగ్గర పట్టీలు, చేతికర్రలతో వరండాలో నడుస్తున్నాడు. కానీ మూత్రం వచ్చినట్టు తెలియదు. మూత్రాశయం సంచిలా నిండుతుంది, పొంగి కారుతుంది, దగ్గితే పడుతుంది. నాలుగైదు గంటలకోసారి తానే గొట్టం పెట్టుకుని ఖాళీ చేసుకుంటాడు, చేతులున్నాయి కాబట్టి. నడుస్తున్నవాడికి ఈ కష్టం ఉంటుందని ఊళ్లో ఎవరూ నమ్మరు. పిరుదులకు స్పర్శ లేదు. ఒక మధ్యాహ్నం ఎండలో కాగిన గ్రానైటు అరుగుమీద కూర్చుని, లేచాక బొబ్బలు చూసుకున్నాడు.

ఇప్పుడు ఆమె రెండో ప్రశ్న. పడిన కొత్తలో ఇద్దరి కాళ్లూ వాలిపోయే ఉన్నాయి. దెబ్బకు పాము దిమ్మెరపోతుంది, ఆ స్థితి కొన్ని రోజులనుంచి కొన్ని వారాలు ఉంటుంది. అది తేరుకున్నాక తేడా బయటపడుతుంది. మెడ దెబ్బ ఆయనకు కాళ్లను నడిపే పాము భాగం చెక్కుచెదరలేదు, పైనుంచి మాట మాత్రం అందడం లేదు. అదుపు లేని ఆ భాగం చిన్న తాకిడికే కాలును ఎగరేస్తుంది, కండరాలు బిగుసుకుంటాయి. "కదిలింది సార్!" అని ఆయన తల్లి పరుగెత్తుకొచ్చిన రోజు నాకు గుర్తుంది. ఆ కదలిక ఆయన ఇష్టప్రకారం వచ్చింది కాదని చెప్పడానికి చాలా సమయం పట్టింది. నడుము దెబ్బ ఆయనకు నలిగింది ఆ కింది భాగం, దాని నరాలే. అందుకే పాదాలు మెత్తగా వేలాడి, పిక్కలు సన్నబడ్డాయి.

ఎంత తిరిగొస్తుందో చెప్పే పరీక్షల్లో ముఖ్యమైనది చాలా చిన్నది, చాలాచోట్ల మొహమాటంతో వదిలేస్తారు. మలద్వారం చుట్టూ పిన్నుతో తాకి చూడడం, వేలితో లోపలి బిగుతు చూడడం. అక్కడికి వెళ్లే నరాలు అన్నిటికంటే కిందివి. అక్కడ రవ్వంత స్పర్శ ఉన్నా, నలిగిన చోటును దాటి ఏదో దారి మిగిలిందని లెక్క, కోలుకునే ఆశ బాగా పెరుగుతుంది. మెడ దెబ్బ ఆయనకు అక్కడ ఏమీ తెలియలేదు.

ఆయన భార్య రోజూ సాయంత్రం ఆయన వేళ్లకు నువ్వులనూనె రాసి, ఒక్కొక్కటి నిటారుగా లాగేది. బిగుసుకుపోతాయని ఆమె భయం. మేం అది ఆపమన్నాం. మణికట్టు పైకి ఎత్తితే వేళ్ల నరాలతో పని లేకుండానే స్నాయువులు లాగబడి బొటనవేలు, చూపుడువేలు దగ్గరికి వస్తాయి. మీ చేతిని వదులుగా వేలాడదీసి మణికట్టు మాత్రం పైకి లేపితే మీకూ కనిపిస్తుంది. ఆ స్నాయువులు కాస్త బిగుతుగా ఉంటేనే పట్టు దొరుకుతుంది. లాగి లాగి సాగదీస్తే ఆ ఒక్కటీ పోతుంది. మణికట్టు ఎత్తినప్పుడు వేళ్లు ముడుచుకోనివ్వాలి, వేళ్లు చాచేటప్పుడు మణికట్టు కిందికి వంచాలి. ఆమె రెండు రోజుల్లో నేర్చుకుంది. ఇప్పుడాయన దువ్వెన పట్టుకుంటున్నాడు. స్టీలు గ్లాసు మాత్రం ఇంకా జారిపోతోంది.